టోల్ గేటు దగ్గర 160 ఇచ్చాం, ఇవ్వాల్సింది 100

డిసెంబరు చివరి వారంలో హైదరాబాద్ నుంచి అమలాపురం దగ్గర మా అమ్మ వాళ్ల ఊరికి కారులో వెళ్లాం. మూడు రోజులూ హాయిగా గడిచాయి. నేను రాయాలనుకున్నది మాత్రం వెళ్లేటప్పుడు రెండు టోల్ ప్లాజాల దగ్గర జరిగిన సంగతి.

మొదటి ప్లాజాలో మా ముందున్న మూడు కార్లు ఆగకుండా పోయాయి. మా కారు అద్దం మీది ఫాస్టాగ్‌ని యంత్రం చదవక మాకు మాత్రం గేటు లేవలేదు. అక్కడి అబ్బాయి చేతి మెషీన్ తెచ్చి అద్దం దగ్గర పెట్టాడు. దానికీ చదవలేదు. "బ్లాక్‌లిస్ట్‌లో ఉంది సార్, 160 క్యాష్ ఇవ్వండి" అన్నాడు. మామూలు టోల్ 80. మావారు ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి చూపించారు. బ్యాలెన్స్ 640, స్టేటస్ యాక్టివ్. యూపీఐ చేస్తామంటే "ఈ లేన్‌లో లేదు" అన్నాడు. వెనక హారన్లు, బండిలో అత్తయ్య "ఇచ్చి పడేయరా, పిల్లాడు ఏడుస్తున్నాడు" అంటున్నారు. 160 ఇచ్చేశాం.

తర్వాత టీకి ఆగాం. అక్కడ ఒక లారీ డ్రైవరు గారు మా గొడవ విని అసలు విషయం చెప్పారు. 2025 నవంబరు 15 నుంచి నేషనల్ హైవేల మీద ట్యాగ్ పనిచేయని బండి క్యాష్ ఇస్తే రెండు రెట్లు, యూపీఐ ఇస్తే ఒకటింపావు రెట్లు మాత్రమే. అంటే మా 80కి 100 కట్టాలి. 60 రూపాయలు ఊరికే పోయాయి. పెద్ద మొత్తం కాదు, కానీ మాట వరసకైనా చెప్పలేదే అని నాకు ఇప్పటికీ కోపమే.

ఆయనే ఇంకొకటి అడిగారు: "అద్దం మార్చారా అమ్మా?" నిజమే. నెల క్రితం రాయి తగిలి ముందు అద్దం మార్చారు. గ్యారేజీలో పాత ట్యాగ్‌ని ఊడదీసి టేపుతో కొత్త అద్దానికి అంటించి ఇచ్చారు. ట్యాగ్ లోపల పలచని యాంటెన్నా ఉంటుంది. ఒకసారి అంటించాక పీకితే చిరిగిపోయేలాగే దాన్ని తయారుచేస్తారు, ఇంకో బండికి మార్చకుండా. అందుకే యాప్‌లో అంతా బాగానే ఉంది, గేటు దగ్గర మాత్రం చచ్చిపోయింది.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ముందు బండ్లు వెళ్లిపోయి, చేతి మెషీన్‌కి కూడా మన ట్యాగ్ చదవకపోతే లోపం ట్యాగ్‌లోనే. అప్పుడు వాదించి లాభం లేదు, యూపీఐ కట్టాలి. అదే లేన్‌లో అందరి బండ్లూ ఆగుతుంటే లోపం వాళ్ల యంత్రానిది. ట్యాగ్ బాగుండి, బ్యాలెన్స్ ఉండి, వాళ్ల యంత్రం పనిచేయకపోతే డబ్బు తీసుకోకుండా సున్నా రసీదు ఇచ్చి వదలాలని 2018 నుంచే రూల్ ఉంది. వదలకపోతే అక్కడి నుంచే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

రెండో ప్లాజాలో జాగ్రత్తపడ్డాం. అర కిలోమీటరు ముందే స్లో చేసి ఎడమ చివరి లేన్‌కి వెళ్లాం. వెడల్పాటి బండ్లు వెళ్లే లేన్ అది, బూత్‌లో మనిషి, యూపీఐ స్కానర్ రెండూ కనిపించాయి. అన్నిచోట్లా ఎడమ చివరే ఉంటుందని కాదు, పైన బోర్డు చూసుకోవాలి. మధ్య లేన్‌లో ఇరుక్కున్నాక రివర్స్ చేయడం ప్రాణాలతో చెలగాటం, ఆ పని మాత్రం వద్దు. బూత్ దగ్గర "ట్యాగ్ పాడైంది, యూపీఐ కడతాం" అని మేమే ముందు చెప్పాం. అక్కడ టోల్ 120, కట్టింది 150. క్యాష్ అయితే 240 అయ్యేది. రెండు నిమిషాల్లో బయటపడ్డాం. మావారి ముఖం అప్పుడు వెలిగింది.

రసీదు మీద బండి నంబరు, టైమ్ చూసుకుని దాచుకోండి. తర్వాత ట్యాగ్ నుంచి కూడా డబ్బు కోస్తే బ్యాంకుకి చూపించడానికి అదే ఆధారం.

ప్లాజా పక్కన గొడుగు కింద ఇంకో బ్యాంకు ట్యాగ్ అమ్ముతుంటే మావారు కొనబోయారు. నేనే ఆపాను. ఒక బండికి ఒకటే ట్యాగ్ కాబట్టి కొత్తది తీసుకుంటే పాతది మూతపడుతుంది, అందులోని 640 కోసం పాత బ్యాంకు చుట్టూ తిరగాలి. ఊరికి చేరగానే మా బ్యాంకు యాప్‌లోనే 'డ్యామేజ్' అని పెట్టి మార్పిడి ట్యాగ్ అడిగాం. ఖర్చు 100, పాత బ్యాలెన్స్ అలాగే వచ్చింది. హైదరాబాద్ వచ్చిన నాలుగో రోజుకి పోస్టులో అందింది. ఈసారి అద్దం తుడిచి, వెనక చూసే అద్దం వెనకాల నేనే స్వయంగా అంటించాను.