కింది అంతస్తుకి బ్రేసింగా, కాలమ్‌లకి జాకెటింగా? పుష్‌ఓవర్ చెప్పేది ఏమిటి?

పాత కాంక్రీట్ ఫ్రేమ్‌ని భూకంపానికి తట్టుకునేలా బలపరచాలంటే ముందుకొచ్చే మార్గాలు సాధారణంగా రెండు. కింది అంతస్తులో స్టీల్ బ్రేసింగ్ పెట్టడం ఒకటి, కాలమ్‌ల చుట్టూ కొత్త కాంక్రీట్, కొత్త స్టీలుతో జాకెట్ వేయడం రెండోది. రెండింటికీ పుష్‌ఓవర్ చేసి, అంటే కంప్యూటర్ మోడల్‌ని పక్కకి అంచెలంచెలుగా నెట్టి చూసి, నెట్టిన బలానికి పైకప్పు ఎంత కదిలిందో చూపే కెపాసిటీ కర్వ్‌లు పక్కపక్కన పెట్టి, ఎత్తుగా ఉన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. కర్వ్ ఎంత ఎత్తు లేచిందన్నదానికంటే, ఆ కర్వ్ వంగిన చోట హింజ్‌లు, అంటే కాలమ్, బీము చివర్లు యీల్డ్ అయి తిరగడం మొదలుపెట్టే చోట్లు, ఎక్కడ పడ్డాయన్నదే నిర్ణయం మార్చేస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగు అంతస్తుల ఫ్రేమ్, ఒక్కో అంతస్తు 3 మీటర్లు, మొత్తం బరువు 6000 కిలోన్యూటన్లు. అన్ని అంతస్తుల్లోనూ ఒకే సైజు కాలమ్‌లు, స్టిరప్‌లు దూరం దూరంగా. బీములు కాలమ్‌ల కంటే బలంగా ఉన్నాయి. ముందు డెడ్ లోడ్, లైవ్ లోడ్‌లో కొంత భాగం పెట్టి, అదే స్థితి నుంచి పక్కకి నెట్టడం మొదలుపెట్టాలి. గ్రావిటీ లోడ్ లేకుండా నెడితే కాలమ్‌లో యాక్సియల్ లోడ్ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి యాక్సియల్ లోడ్‌నీ రెండు దిశల మొమెంట్‌నీ కలిపి చూసే P-M2-M3 హింజ్‌లన్నీ తప్పు బలం చూపిస్తాయి. నెట్టే బలాలు ఎత్తుకి తగ్గట్టు 1, 2, 3, 4 నిష్పత్తిలో ఉన్నాయనుకుందాం.

ఉన్నదున్నట్టుగా నెడితే బేస్ షియర్, అంటే పునాది దగ్గర పడే మొత్తం పక్క బలం, 600 కిలోన్యూటన్ల దగ్గర కర్వ్ వంగింది. అప్పటికి పైకప్పు 40 మి.మీ. కదిలింది, ఫ్రేమ్ ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే పీరియడ్ 1 సెకను. ఏ పీరియడ్‌కి ఎంత త్వరణం వస్తుందో చెప్పే డిజైన్ స్పెక్ట్రమ్‌లో 1 సెకను దగ్గర 0.4g ఉందనుకుంటే, ఆ భూకంపంలో పైకప్పు చేరాల్సిన టార్గెట్ డిస్‌ప్లేస్‌మెంట్ దాదాపు 130 మి.మీ. అంటే వంగిన తర్వాత ఇంకా 90 మి.మీ. కదలాలి. ఆ 90 ఎక్కడ పంచుకుంటుంది? హింజ్‌లు కింది అంతస్తు కాలమ్‌ల పైనా కిందా మాత్రమే పడ్డాయి. కాబట్టి ఆ 3 మీటర్ల ఎత్తులోనే మొత్తం 90 మి.మీ. జరగాలి, అంటే ప్లాస్టిక్ భ్రమణం 0.03 రేడియన్. స్టిరప్‌లు దూరంగా ఉన్న ఇలాంటి కాలమ్‌కి పాత బిల్డింగ్‌ల బలోపేతంపై అమెరికా మార్గదర్శకమైన ఫీమా 356 పట్టికలో బలం పడిపోయే ముందు ఉండే భ్రమణం, యాక్సియల్ లోడ్, షియర్ రెండూ తక్కువగా ఉన్నా 0.006 మాత్రమే. కావాల్సింది దానికి ఐదు రెట్లు. టార్గెట్ దాకా వెళ్లకముందే కాలమ్‌లు చేతులెత్తేస్తాయి.

ఇప్పుడు మొదటి మార్గం, కింది అంతస్తుకి బ్రేసింగ్. కాలమ్ హింజ్‌లు అక్కడే పడ్డాయి కాబట్టి మందు అక్కడే వేయాలనిపిస్తుంది, పని త్వరగా అవుతుంది, పై అంతస్తుల వాళ్లని కదిలించక్కర్లేదు. ఈ ఆకర్షణ నిజమే. కానీ బలాల నిష్పత్తి చూడండి. మొత్తం 10లో కింది అంతస్తు మీద 10 భాగాలు పడితే, దాని పైఅంతస్తు మీద 9 భాగాలు పడతాయి. కాలమ్‌లు ఒకటే కాబట్టి రెండో అంతస్తు బలం కూడా 600. బేస్ షియర్ 667 చేరేసరికి ఆ అంతస్తు మీద 600 పడుతుంది, హింజ్‌లు అక్కడ పడతాయి. బ్రేస్ ఎంత బలమైనది పెట్టినా లాభం 11 శాతం దగ్గర ఆగిపోతుంది. పీరియడ్ 0.9 సెకనుకి తగ్గి టార్గెట్ 120 మి.మీ. అయిందనుకుందాం. యీల్డ్ దగ్గర కదలిక 36 మి.మీ. పోగా మిగిలిన 84 మి.మీ. మళ్లీ ఒకే అంతస్తులో, 0.028 రేడియన్. సమస్య మేడెక్కి పైఅంతస్తుకి చేరింది, అంతే. కర్వ్ మాత్రం కాస్త ఎత్తుగా, నిటారుగా కనిపించి నమ్మకం కలిగిస్తుంది.

రెండో మార్గంలో కింది నుంచి పైదాకా కాలమ్‌లకి జాకెట్ వేసి, బీము కంటే కాలమ్ బలం ఎక్కువయ్యేలా చేస్తాం. ఇప్పుడు హింజ్‌లు బీము చివర్లలో, ఇంకా పునాది దగ్గర కాలమ్ అడుగున పడతాయి. యీల్డ్ బలం 720 అయింది, అంటే పెరుగుదల మామూలే. పీరియడ్ 0.85, టార్గెట్ 115 మి.మీ., అందులో యీల్డ్ దగ్గర కదలిక 35. మిగిలిన 80 మి.మీ. ఈసారి 12 మీటర్ల ఎత్తంతటికీ పంచుకుంటుంది, 0.0067 రేడియన్. అదే భూకంపం, దాదాపు అదే కదలిక, హింజ్ మీద భారం మాత్రం నాలుగో వంతు. స్టిరప్‌లు దూరంగా ఉన్న పాత బీముకి కూడా, షియర్ తక్కువగా ఉంటే, అదే పట్టికలో 0.02 దాకా బలం నిలుస్తుంది. వెంటనే వాడుకోగలిగే స్థితికి హద్దైన IO గీత 0.005 దాటాం, ప్రాణరక్షణకి హద్దైన LS గీత 0.01 దాటలేదు. బిల్డింగ్‌లో పగుళ్లు వస్తాయి, రిపేరు పడుతుంది, మనుషులు బయటపడతారు.

పి-డెల్టా, అంటే వాలిన బిల్డింగ్‌ని దాని బరువే ఇంకా పక్కకి నెట్టడం, కూడా ఇదే వైపు మొగ్గుతుంది. 6000 బరువు 0.03 వాలు మీద నిలబడితే 180 కిలోన్యూటన్ల షియర్‌ని తినేస్తుంది, 600లో దాదాపు మూడో వంతు. బీము హింజ్‌ల దగ్గర అదే లెక్క 40. కాబట్టి కాలమ్ హింజ్‌లున్న కర్వ్ వంగిన తర్వాత కిందికి దిగాలి. దిగకుండా అడ్డంగా సాగిపోతే ముందు సాఫ్ట్‌వేర్‌లో పి-డెల్టా ఆన్ చేశారో లేదో చూడండి.

నా తీర్పు జాకెటింగ్ వైపే. అయితే బ్రేసింగ్‌ని పైదాకా తీసుకెళ్తే, కథ వేరు. అప్పుడు కదలికే బాగా తగ్గుతుంది, గోడలు, పైపులు, ఖరీదైన యంత్రాలు చెడకూడని చోట అదే మేలు. కానీ బ్రేస్ పక్క కాలమ్‌లలో యాక్సియల్ లోడ్ బాగా పెరుగుతుంది, పునాది లేచే ప్రమాదం ఉంటుంది, కాబట్టి పునాదిని కూడా మోడల్‌లో పెట్టాలి.

జాకెటింగ్‌లో ఒక చోట జాగ్రత్త పడాలి. కాలమ్ ముందే వంగిపోయే పాత ఫ్రేమ్‌లో బీము తన పూర్తి మొమెంట్‌ని ఎప్పుడూ చూడదు. ఇప్పుడు చూస్తుంది. మన ఉదాహరణలో బీము రెండు చివర్ల మొమెంట్ కెపాసిటీ కలిపి 240 కిలోన్యూటన్ మీటర్లు, జాకెట్ తర్వాత మిగిలిన నికర పొడవు 3.8 మీటర్లు అనుకుందాం. హింజ్‌ల వల్ల షియర్ 63, గ్రావిటీ లోడ్ వల్ల 67, మొత్తం 130. స్టిరప్‌లు 250 మి.మీ. దూరంలో ఉన్న ఆ బీము షియర్ బలం 120 అయితే, హింజ్ పడకముందే బీము షియర్‌లో తెగుతుంది. మోడల్‌లో మొమెంట్‌ని మాత్రమే చూసే M3 హింజ్ ఒక్కటే పెట్టి షియర్‌ని వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఈ మాట చెప్పదు, అందమైన కర్వ్ గీసి చూపిస్తుంది. కాబట్టి షియర్ హింజ్ కూడా పెట్టాలి, లేదా ఈ లెక్క చేత్తో చేసి చూడాలి. తక్కువ పడితే జాకెట్‌తో పాటు బీము చివర్లలో, కనీసం బీము లోతుకి రెండింతల దూరం దాకా, కార్బన్ ఫైబర్ చుట్టడమో కొత్త స్టిరప్‌లతో బీముకీ జాకెట్ వేయడమో చేసి, మళ్లీ నెట్టి చూడాలి.