పర్ఫెక్ట్ ఆర్డర్ రేటు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నూటికి ఎన్ని ఆర్డర్లు ఏ తప్పూ లేకుండా చేరాయో పర్ఫెక్ట్ ఆర్డర్ రేటు చెబుతుంది. డిస్పాచ్ పనిలో నేను ఎక్కువగా నమ్మే లెక్క ఇదే. కానీ దీనికి జాలి లేదు. సరుకు చెప్పిన రోజుకు, చెప్పినంతా చేరాలి. దెబ్బతినకూడదు. ఇన్‌వాయిస్, చలాన్‌లలో తప్పుండకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ ఆర్డర్‌కు సున్నాయే, సగం మార్కులు ఉండవు. కొనుగోలుదారు వైపు నుంచి చూస్తే అదే న్యాయం: సరుకు వేళకే వచ్చినా, బిల్లులో ధర తప్పుంటే అక్కడ చెల్లింపు ఆగిపోతుంది.

ఒక నెలలో 200 ఆర్డర్లు వెళ్లాయనుకోండి. డెలివరీలో 10 తప్పాయి, 6 దెబ్బతిన్నాయి, 14టికి కాగితాల్లో తప్పులున్నాయి. అంటే 95, 97, 93 శాతాలు. ఏ విభాగానికి ఆ విభాగం బాగానే ఉన్నామనుకుంటుంది. చాలామంది ఈ మూడింటినీ గుణించి 85.7 శాతం అని రాసేస్తారు. తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగితేనే ఆ అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. నేను చూసినంతలో అవి తరచూ జంటగా వస్తాయి. ఇన్‌వాయిస్‌పై కొనుగోలు ఆర్డర్ నంబరు లేకపోతే లారీని గేటు దగ్గరే ఆపేస్తారు, సరుకు మర్నాడు దిగుతుంది. కాగితం తప్పు, ఆలస్యం రెండూ ఒకే ఆర్డర్ మీద పడతాయి.

అందుకే ఆర్డర్‌కో వరుస పెట్టి లెక్కించాలి. డెలివరీ, డ్యామేజీ, కాగితాలకు B, C, D అని మూడు నిలువు వరుసలు. సరిగ్గా ఉంటే 1, లేకుంటే 0. E2లోని సూత్రాన్ని E201 దాకా కాపీ చేయాలి.

```
E2:  =B2*C2*D2
రేటు: =AVERAGE(E2:E201)
```

పై నెలలో 6 ఆర్డర్లు ఆలస్యంతో పాటు కాగితాల్లోనూ తప్పాయి, ఒకటి ఆలస్యంగా చేరి దెబ్బ కూడా తింది. మూడూ తప్పిన ఆర్డర్ ఏదీ లేదు. అప్పుడు మొత్తం తప్పులు 30 అయినా, చెడిన ఆర్డర్లు 23 మాత్రమే. అసలు రేటు 88.5 శాతం. ఆ అంకె కన్నా నాకు పనికొచ్చింది ఆ 6 ఆర్డర్లే: బిల్లింగ్ సరిచేస్తే ఆలస్యాలు కూడా సగానికి పైగా తగ్గుతాయి.

అంకె అబద్ధం చెప్పే చోట్లు కొన్నున్నాయి. తేదీ విషయంలో మొదట మాటిచ్చిన రోజునే పట్టుకోవాలి. మధ్యలో మార్చిన తేదీతో పోలిస్తే ఆలస్యాలన్నీ మాయమైపోతాయి. డ్యామేజీ ఫిర్యాదులు ఆలస్యంగా వస్తాయి కాబట్టి, క్లెయిమ్ గడువు ముగియకముందే నెల లెక్క తేల్చేస్తే రేటు ఎక్కువగా కనిపిస్తుంది. కాగితాల తప్పులను ఎవరూ తమంతట తాము నమోదు చేయరు. ఆ నెల ఇన్‌వాయిస్‌లపై ఇచ్చిన క్రెడిట్ నోట్లు తిరగేస్తే బయటపడతాయి.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. ఒకే వస్తువున్న ఆర్డర్, 40 వస్తువులున్న ఆర్డర్ దీని దృష్టిలో సమానం. ఒక్కో వస్తువు 99.5 శాతం సరిగ్గా వెళ్లినా, 40 వస్తువుల ఆర్డర్ మొత్తం సరిగ్గా వెళ్లే అవకాశం 82 శాతమే. అందుకే చిన్న ఆర్డర్ల రేటు, పెద్ద ఆర్డర్ల రేటు విడివిడిగా తీస్తున్నాను.