30 పదాల గడి: తొమ్మిదేళ్ల వాడకం, ఒక బోల్డ్ దెబ్బ

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. ఏదో ఒక కాగితం పోగొట్టుకుని పత్రికలో ప్రకటన ఇవ్వడానికి వచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. తొమ్మిదేళ్లుగా వాళ్లందరికీ నేను ఇప్పిస్తున్నది ఒకటే: ఒక కాలమ్ వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు, చుట్టూ గీతలున్న చిన్న గడి. పెద్దక్షరాల హెడ్డింగ్ కాకుండా 30 పదాలు దాటకూడదు. ఒక్క పదం ఎక్కువైనా పై సైజు రేటు కట్టాల్సిందే. ఇంతకుముందు ఎవరడిగినా ఈ గడిని కళ్లు మూసుకుని తీసుకోమనేవాణ్ని. ఇప్పుడూ తీసుకోమనే అంటాను కానీ, 30 పదాలు ఇస్తున్నారు కదా అని 30 నింపొద్దు, బోల్డ్ జోలికి వెళ్లొద్దు అని కూడా చెబుతున్నాను.

ఆ మాట నాకు నేర్పింది మా వీధిలోని రిటైర్డ్ మాస్టారి ప్రకటన. ఆయన ఇంటి ఒరిజినల్ సేల్ డీడ్ ఆటోలో పోయింది. లోన్ కోసం బ్యాంకు మూడు అడిగింది: పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు, పత్రిక ప్రకటన కటింగ్, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ. ప్రకటన నేనే రాశాను. "ఇందుమూలముగా అందరికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి, "నా పేరున గల" అని కలిపి, "కావున", "దయచేసి" చేర్చి సరిగ్గా 30 పదాలకు తెచ్చాను. గడి చిన్నది కాబట్టి బాగా కనబడాలని మొత్తం బోల్డ్‌లో పెట్టమన్నాను. ప్రూఫ్ వాట్సాప్‌లో వచ్చింది. వేళ్లతో పెద్దది చేసుకుని చదివాను. ఒక్క తప్పు లేదు. ఓకే చెప్పాను.

నాలుగో రోజు మాస్టారు కటింగ్ పట్టుకుని షాపుకి వచ్చారు. "ఏం బాబూ, డాక్యుమెంట్ 2006ది అయితే ఇందులో 2008 అని ఎందుకు వేయించావు? వకీలు ఇది చెల్లదంటున్నాడు" అన్నారు. కంప్యూటర్‌లో చూస్తే 2006 అనే ఉంది. కటింగ్‌ను దీపం కింద పెట్టి, భూతద్దంతో చూస్తే అప్పుడు తెలిసింది. ఆరు అంకె పైన తెరిచి ఉండాల్సిన చోట సిరా పాకి మూసుకుపోయింది. మామూలు కంటికి అది అచ్చంగా ఎనిమిదే.

న్యూస్‌ప్రింట్ కాగితం సిరాను పీల్చుకుంటుంది కాబట్టి అచ్చులో ప్రతి గీతా కొంచెం లావెక్కుతుంది. పెద్ద అక్షరానికి అది లెక్కలోకి రాదు. 30 పదాలు పట్టాలంటే ఆ గడిలో అక్షరం 7 పాయింట్లకు దిగుతుంది, అంటే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. అంత చిన్న అక్షరంలో లోపలి ఖాళీలే గురుతులు. బోల్డ్ పెడితే ఆ ఖాళీలు ముందే సగమవుతాయి, మిగతా సగం సిరా మింగేస్తుంది. 6, 8 ఒకటైపోతాయి. ప తలకట్టు ఒంటికి అంటుకుని వ లాగా కనబడుతుంది. థ పొట్టలో చుక్క పూడుకుపోతే ధ అవుతుంది. ఊరి పేరులోనో ఇంటిపేరులోనో ఆ అక్షరం ఉంటే మనిషే మారిపోతాడు. ఫోన్‌లో పెద్దది చేసి చూసిన ప్రూఫ్‌లో ఇవేవీ కనబడవు. ప్రూఫ్ ఓకే చేసింది మీరే కదా అని పత్రికవాళ్లు రెండోసారి ఉచితంగా వేయడానికి ఒప్పుకోలేదు. డబ్బులు నేనే కట్టాను.

రెండోసారి పదాలు లెక్కపెట్టడం మానేసి, గడి ఎత్తును లెక్కపెట్టాను. నాలుగు సెంటీమీటర్లంటే సుమారు 113 పాయింట్లు. హెడ్డింగ్‌కీ, గీతల పక్కన ఖాళీకీ 22 తీసేస్తే 91 మిగులుతాయి. తెలుగుకు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. పై వరుస ఒత్తు కిందికి దిగుతుంది, కింది వరుస గుడి పైకి లేస్తుంది, రెండూ తగిలితే చదవలేం. 9 పాయింట్ల అక్షరానికి వరుస 11 పాయింట్లు పెట్టాను. ఎనిమిది వరుసలు పట్టాయి. వరుసకు రెండున్నర పదాల చొప్పున 20, 21 పదాలు. కాబట్టి తొమ్మిది పదాలు పోవాలి. ఇందుమూలముగా మొదలు ఏమనగా దాకా నాలుగు, నా పేరున గల మూడు, కావున, దయచేసి. ఈ తొమ్మిదింటిలో ఒక్కదానికైనా డాక్యుమెంట్‌తో సంబంధం లేదు. మిగిలింది ఇదీ:

"ఒరిజినల్ సేల్ డీడ్ 4127/2006 (హయత్‌నగర్ రిజిస్ట్రేషన్ ఆఫీసు) మార్చి 12న దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి వెళ్తుంటే ఆటోలో పోయింది. దొరికినవారు ఫోన్ చేయండి:"

దీని తర్వాత మాస్టారి పేరు రెండు పదాలు, ఫోన్ నంబరు ఒకటి. మొత్తం 21. (ఇక్కడ డాక్యుమెంట్ నంబరు మార్చి రాశాను.) బోల్డ్ హెడ్డింగ్‌కు మాత్రమే ఉంచాను. మాస్టారికి మొదట నచ్చలేదు. "ఇందుమూలముగా లేకపోతే నోటీసులాగా ఉండదయ్యా" అన్నారు. పాత కటింగ్, కొత్త ప్రూఫ్ పక్కపక్కన పెట్టి చూపించాను. కళ్లజోడు తీసేసి కొత్తదాన్ని గడగడా చదివారు. ఆ చదవడం చూశాక నాకు ఈ గడి మీద మళ్లీ మనసు పడింది. చోటు అంతే, డబ్బు అంతే, తొమ్మిది పదాలు తీసేస్తే అక్షరం రెండు పాయింట్లు పెరిగింది. వకీలు కూడా ఈసారి ఏమీ అనలేదు.

అప్పటినుంచి ప్రూఫ్‌ను ఫోన్‌లో ఓకే చేయడం లేదు. అసలు సైజులో ప్రింట్ తీసి, దానికి జిరాక్స్, ఆ జిరాక్స్‌కి మళ్లీ జిరాక్స్ తీస్తాను. రెండో కాపీకి గీతలు దాదాపు పత్రికలో లాగే లావెక్కుతాయి. అందులో 6 ఆరులాగే, 3 మూడులాగే కనబడితేనే పంపిస్తాను. డాక్యుమెంట్ నంబరు, ఫోన్ నంబరు కింద ఎర్ర పెన్నుతో గీత గీసి "వరుస చివర విరగకూడదు" అని రాస్తాను. 4127/ ఒక వరుసలో, 2006 కింది వరుసలో పడితే చదివేవాడికి రెండు వేరే నంబర్లలా కనబడుతుంది.

ఇంకో సంగతి. పదాల లెక్క తగ్గించడానికి మాటలు అతికించమని నేనే చాలామందికి సలహా ఇచ్చాను, రిజిస్ట్రేషన్‌ఆఫీసునందు అన్నట్టు. లెక్కలో ఒకటే, నిజమే. ఇరుకు కాలమ్‌లో అంత పొడుగు మాట వరుసలో పట్టక కిందికి జారుతుంది, పై వరుసలో రెండు మాటలు చెరో చివర నిలబడి మధ్యలో ఇంత ఖాళీ మిగులుతుంది. ఫోన్ నంబరు తప్ప మరేదీ ఇప్పుడు అతికించడం లేదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు సేల్ డీడో, మార్కుల మెమోనో, ఒక్క కాగితం మాత్రమే పోయి ఉంటుంది. వాళ్లకు ఈ గడి చాలు. స్థలం కొనేముందు అభ్యంతరాలు అడిగే నోటీసుకు మాత్రం నేను ఇది ఇప్పించను. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాసేసరికే 30 పదాలు అయిపోతాయి, అందులో దేన్నీ తీయలేం. వాళ్లను పై సైజు తీసుకోమంటాను, అందులో కూడా బోల్డ్ వద్దనే చెబుతాను.