సైట్ ఫోటోల్లో నకిలీ పట్టాలంటే సిమెంటు బస్తానా, ఇనుప ఊచా: ఏది మేలు?

ఊళ్లో ఇల్లు కడుతుంటే మనం వేరే ఊళ్లో కూర్చుని మేస్త్రీ వాట్సాప్‌లో పంపే ఫోటోలే చూస్తుంటాం. వాటిలో ఏది ఎక్కువ నమ్మవచ్చు అంటే నా ఓటు ఊచకే. కారణం సింపుల్, ఊచ మీద పేరు ఇనుములోనే ఉంటుంది, బస్తా మీద పేరు సంచికి మాత్రమే ఉంటుంది.

సిమెంటులో జరిగే మోసం చాలావరకు ఖాళీ అయిన అసలు సంచులు కొని, గడ్డకట్టిన పాత సిమెంటు పొడి చేసో ఫ్లైయాష్ కలిపో మళ్లీ నింపడం. సంచి అసలుదే కాబట్టి రంగు, లోగో, ఐఎస్ఐ గుర్తు ఎంత జూమ్ చేసినా ఏమీ దొరకదు. చూడాల్సింది కుట్టు. ఫ్యాక్టరీలో సిమెంటు మూలన ఉండే చిన్న నోటి గుండా నిండుతుంది, పైనా కిందా అంచులు ఒకేలా ఉంటాయి. ఒక అంచున దారం వేరుగా ఉన్నా, మూల చేత్తో కుట్టినట్టున్నా అనుమానించండి. ఆ తర్వాత ప్యాకింగ్ వారం, సంవత్సరం ముద్ర. ఒకే లోడులో నాలుగైదు వేర్వేరు వారాలు కనిపిస్తే ఎక్కడెక్కడి ఖాళీ సంచులో పోగేశారేమో అడగాలి (డీలర్ గోడౌన్‌లో పాత స్టాక్ కలిసినా ఇలా అవుతుంది, అదే రుజువనుకోకండి). జూలై మధ్యలో వచ్చిన బస్తాపై 18వ వారం ఉంటే అది మే మొదట్లో ప్యాక్ చేసినది, పర్లేదు. మూడు నెలలు దాటితే మాత్రం టెస్టు చేయించకుండా వాడకూడదు. ముద్ర చెరిపి మళ్లీ కొట్టినట్టు మసకగా ఉంటే లోడు వెనక్కి పంపడమే.

ఊచ దగ్గరికొస్తే, కంపెనీ పేరు, గ్రేడు రోలింగ్‌లోనే ఉబ్బెత్తుగా పడతాయి, కొంత దూరానికోసారి మళ్లీ వస్తాయి. పేరులో ఒక్క అక్షరం మార్చిన నకళ్లు ఉంటాయి, అందుకే దగ్గరి ఫోటో, పక్కనుంచి వెలుతురు పడేలా తీయమనండి. గాట్ల మధ్య దూరం, ఎత్తు ఊచ పొడవునా ఒకేలా ఉండాలి, ఒకచోట లోతుగా ఒకచోట అరిగినట్టు ఉంటే సందేహించాలి. కానీ గాట్ల డిజైన్ కూడా కాపీ కొట్టొచ్చు, కాబట్టి ఆఖరి మాట తూకానిది. 12 ఎంఎం ఊచ మీటరుకు 888 గ్రాములు తూగాలి, ఊచలకున్న భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఒక్క ముక్కకు 6 శాతం తరుగు వరకే ఒప్పుతుంది, అంటే దాదాపు 835. సరిగ్గా మీటరు ముక్క కోసి, టేపు పక్కన, కాటాపై పెట్టి ఫోటో తీస్తే 790 కనిపించిందనుకోండి, 11 శాతం తక్కువ, ఆ బండిల్ తీసుకోకూడదు. కిలోల లెక్కన కొన్నాం కదా, ఊచలు ఎక్కువొచ్చాయిగా అని మేస్త్రీ అంటాడు, వినొద్దు, స్లాబులో ఊచలు లెక్కపెట్టి కడతారు, అక్కడ ఇనుము తగ్గిపోతుంది.

రెండింటికీ CM/L నంబరు, అంటే బీఐఎస్ ఇచ్చే లైసెన్సు నంబరు, కనిపించేలా ఫోటో అడగండి (ఊచలకైతే బండిల్ ట్యాగు మీద ఉంటుంది), బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి లైసెన్సు ఎవరి పేరున ఉందో చూడొచ్చు. అసలు సంచిలో నింపిన నకిలీకి ఇది పనికిరాదు, సిమెంటుకు అనుమానం మిగిలితే ల్యాబే దిక్కు.