మూడు గమ్‌ల స్టెబిలైజర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

చిన్న బ్యాచ్ ఫ్రీజర్ మీద ఐస్‌క్రీమ్ చేసేటప్పుడు చాలాకాలం గ్వార్ గమ్ ఒక్కటే వాడాను. చేసిన రోజు రుచి బాగానే ఉండేది. వారం పదిరోజులు ఫ్రీజర్‌లో ఉండి, డబ్బా నాలుగైదుసార్లు బయటికీ లోపలికీ తిరిగాక నాలుక మీద పలుకులు తగిలేవి. అందుకే లోకస్ట్ బీన్ గమ్, గ్వార్, కప్పా క్యారజీనన్ మూడూ కలిపి వాడటం మొదలుపెట్టాను. ఇప్పుడు గ్వార్ ఒక్కదానికే తిరిగి వెళ్లే ఆలోచన లేదు. అయితే దీని మీద పెట్టుకునే ఆశల్లో సగం తప్పు, ముందు అవి చెప్పాలి.

స్టెబిలైజర్ వేస్తే మంచు పలుకులు చిన్నగా పుడతాయని అనుకుంటాం. పలుకు ఎంత చిన్నగా పుట్టాలో తేల్చేది మెషీన్: గోడ ఎంత చల్లగా ఉంది, బ్లేడ్ ఎంత పదునుగా గీకుతోంది, మిక్స్ ఎంత త్వరగా గడ్డకడుతోంది అన్నవే ముఖ్యం. బయటికి తీసేటప్పుడు, అంటే సుమారు -5 లేదా -6 డిగ్రీల దగ్గర, మిక్స్‌లోని నీటిలో దాదాపు సగమే గడ్డకట్టి ఉంటుంది. మిగతాదాంట్లో కొంత గట్టిపరిచే ఫ్రీజర్‌లో, అప్పటికే ఉన్న పలుకుల మీదే పేరుకుంటుంది. అక్కడ ఆలస్యమైతే గమ్ కాపాడలేదు. గమ్ పని తర్వాత మొదలవుతుంది. ఉష్ణోగ్రత కాస్త పెరిగినప్పుడు చిన్న పలుకులు కరుగుతాయి, మళ్లీ చల్లబడగానే ఆ నీరు పెద్ద పలుకులను చేరి వాటిని పెంచుతుంది. గమ్ ఈ పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. ఆపదు. పలుకులు సుమారు 50 మైక్రాన్లు దాటితే నోటికి తెలిసిపోతుంది. అక్కడికి చేరే రోజును వెనక్కి జరపడమే దీని గొప్ప.

10 కిలోల మిక్స్‌కి నేను వేసేది మొత్తం 25 గ్రాములు: లోకస్ట్ బీన్ 15, గ్వార్ 8, క్యారజీనన్ 2. ఈ పొడిని దాని బరువుకు పది రెట్లు పంచదారతో బాగా కలిపాకే, గోరువెచ్చని పాలను గట్టిగా తిప్పుతూ చల్లుతాను. నేరుగా వేస్తే ఉండలు కడతాయి, ఆ ఉండలు తర్వాత విడవవు. గ్వార్ చల్లటి పాలలోనూ నానుతుంది గానీ లోకస్ట్ బీన్‌కి వేడి కావాలి, అందుకే మిక్స్‌ని 85 డిగ్రీల దాకా తీసుకెళ్లి కొన్ని నిమిషాలు ఉంచుతాను. తర్వాత వేగంగా 4 డిగ్రీలకు దించి రాత్రంతా ఉంచుతాను. మిక్స్ బాగా నానిందా లేదా గరిటె ఎత్తి చూస్తే తెలుస్తుంది: తెగకుండా పలుచటి క్రీమ్‌లా జారాలి, పేస్టులా వేలాడకూడదు.

2 గ్రాముల క్యారజీనన్‌తో పనేముందని దాన్ని తీసేసి చూశాను. రాత్రి తర్వాత గిన్నె అడుగున పల్చటి నీళ్లలాంటి పొర తేరింది. మిగతా రెండు గమ్‌లూ పాల ప్రోటీన్‌తో పొసగక విడిపోతాయి, క్యారజీనన్ ఉంటేనే అవి కలిసి నిలుస్తాయి. దీన్ని తీసేయడం మాత్రం వద్దు.

ఓవర్‌రన్, అంటే ఐస్‌క్రీమ్‌లోకి ఎక్కే గాలి విషయంలో ఈ మిశ్రమం నుంచి నేనేం ఆశించను. ఒక కప్పు నిండా మిక్స్ తూచితే 545 గ్రాములు, అదే కప్పు నిండా ఐస్‌క్రీమ్ 390 గ్రాములు. తేడా 155, దాన్ని 390తో భాగిస్తే సుమారు 40 శాతం. గ్వార్ ఒక్కటే వాడినప్పుడూ దాదాపు ఇంతే వచ్చేది. గాలి ఎంత ఎక్కాలో బ్లేడ్ వేగం, మిక్స్‌లో కొవ్వు, ఎమల్సిఫైయర్, ఎప్పుడు బయటికి తీశామన్నవి తేలుస్తాయి. గమ్ పెంచితే గాలి పెరుగుతుందన్నది వట్టి మాట. 35 గ్రాములకు పెంచినప్పుడు మిక్స్ మరీ చిక్కబడి గాలి తగ్గింది, తినేటప్పుడు బంకగా సాగింది. పైగా కరగాల్సింది కరగకుండా ముద్దగా నిలబడింది. ఇలాంటి ఐస్‌క్రీమ్ కొందరికి ఇష్టం, నాకు కాదు.

ఇంకొక విషయంలోనూ దీన్ని తప్పుపట్టకండి. పలుకు తగిలితే కొద్దిగా తీసి వేళ్ల మధ్య నలపండి. వెంటనే కరిగిపోతే అది మంచు. ఇసుకలా మిగిలితే అది గడ్డకట్టిన లాక్టోజ్, పాలపొడి ఎక్కువైనప్పుడు వచ్చేది. దానికి మందు పాలపొడి తగ్గించడం, గమ్ పెంచడం కాదు.

ప్రతి తలుపు తెరుపుకీ వేడెక్కే ఫ్రీజర్ ఉన్నవాళ్లకి, డబ్బాలు వారాలపాటు నిలవుంచాల్సినవాళ్లకి ఈ మిశ్రమం తేడా చూపిస్తుంది. చేసిన రోజే అమ్ముడైపోతుంటే గ్వార్ చాలు, 85 డిగ్రీల దాకా కాచే శ్రమ అక్కర్లేదు. గ్వార్ కంటే లోకస్ట్ బీన్ ఖరీదైనది. కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడల్లా చిన్న బ్యాచ్ ఒకటి కాచి గరిటె పరీక్ష చేసుకోండి, ఒక సరుకులా ఇంకో సరుకు చిక్కబడదు.