అట్మాస్ 'ఆఫ్' చేసినా పాత స్టీరియో రాదు: మూడేళ్లు విన్నాక

ఆపిల్ మ్యూజిక్‌లో శబ్దాలను మన చుట్టూ పరిచి వినిపించే డాల్బీ అట్మాస్ 2021 జూన్‌లో వచ్చింది. అందులో ఎన్ని పాటలున్నాయో అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా. మూడేళ్లకు పైగా రోజూ ఇయర్‌బడ్స్‌లో విన్నాక నా గొడవంతా ఒక్కదాని మీదే: పాడేవాళ్ల గొంతు. స్టీరియోలో చెవి పక్కనే ఉన్న గొంతు అట్మాస్‌లో నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది. చుట్టూ కొంచెం గది మోత చేరుతుంది. పల్లవిలో వాయిద్యాలు విప్పారి హాయిగా ఉన్నా, చరణంలో సన్నగా పాడే చోట మాటలు పలచబడతాయి. డప్పు, కిక్ లాంటి దరువులో దెబ్బ తగ్గుతుంది.

మొదట్లో ఇది మిక్స్ లోపమే అనుకుని, పాట పాటకీ అట్మాస్‌నూ స్టీరియోనూ పోల్చాను. ఆ పోలిక పద్ధతే తప్పు. చాలామంది ఇప్పటికీ అలాగే పోలుస్తున్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

పాట నడుస్తుండగా ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్ తెరిచి వాల్యూమ్ పట్టీని నొక్కి పట్టుకుంటే Off, Fixed, Head Tracked అని మూడు కనిపిస్తాయి. అక్కడ Off నొక్కగానే పాట మామూలుగా వినిపిస్తుంది, అదే స్టీరియో అనుకుంటాం. కానీ ఫోన్‌కు వస్తున్నది అప్పటికీ అట్మాస్ ఫైలే. దాన్నే రెండు చానళ్లకు కుదించి వినిపిస్తుంది. ఆల్బమ్ విడుదలైనప్పుడు మాస్టరింగ్ ఇంజనీర్ ఖాయం చేసిన స్టీరియో మాస్టర్ వేరే ఫైలు, అది అక్కడ రాదు. అది కావాలంటే Settings > Apps > Music > Dolby Atmos లోకి వెళ్లి Off పెట్టి, పాటను ఆపి మొదటి నుంచి వెయ్యాలి. పాట డౌన్‌లోడ్ అయి ఉంటే ఇదీ చాలదు. ఏ రూపంలో దించుకున్నామో ఆ రూపమే ఫోన్‌లో ఉంటుంది, కాబట్టి డౌన్‌లోడ్ తీసేసి మళ్లీ దించుకోవాలి. ఇది తెలియక కొన్ని నెలలు అట్మాస్‌నే అట్మాస్‌తో పోలుస్తూ, 'స్టీరియో కూడా ఇంతేలే' అనుకున్నాను.

అదే మెనూలో ఇంకో తికమక. మామూలు స్టీరియో పాట నడుస్తుంటే అక్కడ Spatialize Stereo అని ఉంటుంది. అది రెండు చానళ్ల పాటనే ఎదురుగా రెండు స్పీకర్లు పెట్టినట్టు నటింపజేయడం. అట్మాస్ మిక్స్‌తో దానికి సంబంధం లేదు. అట్మాస్ బాగోలేదని ఎవరైనా చెబితే మొదట ఆ పేరు ఏముందో చూడమంటాను. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో ఉండే డాల్బీ అట్మాస్ స్విచ్ కూడా ఇలాంటిదే. అది ఏ శబ్దం వచ్చినా పైన రంగు పూస్తుంది. పాటలు వినేటప్పుడు దాన్ని ఆపే ఉంచుతాను.

ఇక సరిగ్గా పోల్చాలంటే ధ్వని మట్టం సమం చెయ్యాలి. అట్మాస్ పాటల సగటు మట్టం, LKFS అనే కొలతలో, -18 దాటకూడదన్నది డాల్బీ పెట్టిన నిబంధన. ఇప్పటి సినిమా పాటల స్టీరియో మాస్టర్లు -8, -10 దగ్గర ఉండటం మామూలే. అంటే అదే వాల్యూమ్‌లో అట్మాస్ ఎనిమిది పది డెసిబెల్స్ మెత్తగా వస్తుంది, చెవికి నీరసంగా అనిపిస్తుంది. పాటల మట్టాన్ని సమం చేసే Sound Check ఆన్ చేసి, ఇంకా తేడా ఉంటే గొంతు రెండింట్లో ఒకే మట్టానికి వచ్చేదాకా చేత్తో సరిచేసుకుని వినాలి. ఇలా విన్నాక నా ఫిర్యాదుల్లో సగం రాలిపోయాయి. దరువు అంత నీరసంగా లేదని అర్థమైంది. గొంతు దూరం మాత్రం అలాగే మిగిలింది.

దానికి కారణం చెవులకు అందించే చివరి మెట్టులో ఉంది. ఫైలులో ఏ శబ్దం ఎక్కడుండాలో సమాచారం ఉంటుంది. హెడ్‌ఫోన్లలో స్పీకర్లు లేవు కాబట్టి, ఒక్కో శబ్దం ఆ దిక్కు నుంచి వస్తే రెండు చెవులకూ ఎంత తేడాతో, ఏ స్వరభేదంతో చేరుతుందో ఫోన్ లెక్కగట్టి కల్పిస్తుంది. ఎదురుగా ఉన్న గొంతుకూ అదే లెక్క వర్తించి, దానికి దూరం వస్తుంది. మిక్స్ చేసే ఇంజనీర్ దీన్ని ముందే ఊహించి, డాల్బీ పనిముట్లలో ఒక్కో శబ్దానికి ఆఫ్, నియర్, మిడ్, ఫార్ అని గుర్తు పెట్టొచ్చు. గొంతుకు 'ఆఫ్' పెడితే అది దగ్గరగానే ఉండిపోతుంది. టైడల్ అనే మరో మ్యూజిక్ సర్వీసు ఫోన్ యాప్ హెడ్‌ఫోన్లకు ఆ గుర్తులను పాటిస్తుంది. ఆపిల్ వాటిని పక్కనపెట్టి తన సొంత లెక్కతో వినిపిస్తుంది. అందుకే ఒకే మిక్స్ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది. టైడల్ దొరికే దేశాల్లో ఉన్న మనవాళ్లు ఒక పాటను రెండింట్లో వేసి గొంతు మీదే దృష్టి పెడితే చాలు, తేడా అర నిమిషంలో తెలుస్తుంది.

కొంత ఉపశమనం దొరికింది Personalized Spatial Audio దగ్గర. ఐఓఎస్ 16 నుంచి, ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్ ముందు కెమెరాతో మొహాన్నీ రెండు చెవులనూ స్కాన్ చేయిస్తే ఆ లెక్క మన చెవి ఆకారానికి దగ్గరగా మారుతుంది. నెత్తి మీద తేలుతున్నట్టున్న గొంతు కళ్ల ఎత్తుకు దిగింది. దగ్గరకు మాత్రం రాలేదు. Head Tracked కూడా మొదట్లో భలే అనిపించింది. ఇప్పుడు పాటలకు Fixed మాత్రమే వాడతాను. నడుస్తూ తల తిప్పితే గాయకుడు ఒక చెవిలోకి జారిపోతున్నాడు.

ఆపిల్‌వి కాకుండా వేరే కంపెనీ ఇయర్‌ఫోన్లున్నవాళ్లకు ఒక మాట. పైన చెప్పిన Dolby Atmos సెట్టింగ్ Automatic లో ఉంటే వాటికి స్టీరియోనే వెళ్తుంది, అట్మాస్ కావాలంటే Always On పెట్టాలి. నా దగ్గరున్న వైర్డ్ హెడ్‌ఫోన్లకు అది Automatic లోనే బాగుంది. పైగా లాస్‌లెస్ అనేది స్టీరియో ఫైళ్లకే. అట్మాస్ స్ట్రీమ్ ఎప్పుడూ కుదించినదే, ఎక్కువలో ఎక్కువ 768 కేబీపీఎస్.

ఇన్ని నసలు పెట్టినవాడిని, అదే ఫైలును ఇంట్లో 5.1.2 స్పీకర్లలో విన్నప్పుడు మాట మార్చుకోవాల్సి వచ్చింది. గొంతు మధ్య స్పీకర్‌లో గట్టిగా నిలబడింది, కోరస్ పక్కలకు పరుచుకుంది. అక్కడ చెవులను ఏమార్చే లెక్క అక్కర్లేదు, గదే ఆ పని చేస్తుంది. అయితే ఆపిల్ టీవీ 4కే బాక్సును టీవీకి పెట్టి, టీవీ నుంచి సౌండ్‌బార్‌కు మామూలు ARC దారిలో శబ్దం పంపితే చాలా టీవీల్లో అట్మాస్ అందదు. ఆ బాక్సు శబ్దాన్ని విప్పి, బరువైన పీసీఎం రూపంలో పంపుతుంది. ARC దాన్ని మొయ్యలేదు. టీవీ, బార్ రెండింటికీ దాని కొత్త రూపమైన eARC ఉండాలి, లేదా బాక్సును బార్‌లోని HDMI ఇన్‌పుట్‌కే నేరుగా గుచ్చాలి. బార్ తెరమీద Dolby Atmos అని రాకపోతే తీగ దారి చూడండి.

స్పీకర్లలో కూడా పాత పాటలకు చేసిన అట్మాస్‌ను అంతగా నమ్మను. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' తొలి అట్మాస్ మిక్స్ తనకే సరిగ్గా అనిపించడం లేదని, మళ్లీ చేస్తానని దాన్ని చేసిన జైల్స్ మార్టినే 2021లో చెప్పారు. స్టీరియోలో గుండెకు తగిలేలా బిగించిన పాటను విడదీసి చుట్టూ పరిస్తే ఆ బిగువు పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ప్రస్తుతం ఫోన్‌లో Dolby Atmos ను Off లోనే ఉంచుతున్నాను, హాల్లో ఆన్. నాది గొంతు కోసం వినే చెవి, వినేది ఎక్కువగా దారిలో. ఆర్కెస్ట్రా, లైవ్ కచేరీ ఎక్కువ వినేవాళ్లకు ఇదే హెడ్‌ఫోన్లలో కూడా నచ్చవచ్చు.