ఫొటోలోని స్టాఫ్ నొటేషన్‌ను ఏబీసీ లిపిలోకి ఎత్తిరాయడం: మూడేళ్ల వాడకం తర్వాత

ఇంట్లో కీబోర్డు పాఠాలు చెబుతాను. పిల్లలు పుస్తకంలోని పేజీని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపితే, దాన్ని స్వరాల పేర్లుగా, కాలప్రమాణంతో సహా రాసి తిరిగి పంపడం నా వంతు. ఇందుకు మూడేళ్లుగా ఏబీసీ నొటేషన్‌ను వాడుతున్నాను. క్రిస్ వాల్‌షా రూపొందించిన ఈ పద్ధతిలో సంగీతాన్ని మామూలు అక్షరాలతో టైపు చేయవచ్చు. పెద్ద అక్షరం `G` అంటే మిడిల్ సీకి పైనున్న జీ, చిన్న అక్షరం `g` అంటే దానికి పై స్థాయిలోది. పక్కన వేసే అంకె నిడివిని చెబుతుంది. మన స్వరలిపి అలవాటున్నవారు ఒకచోట తప్పకుండా తడబడతారు: మనకు కామా అంటే స్వరాన్ని సాగదీయడం, ఇక్కడ కామా అంటే స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించడం. నేనూ మొదటి నెలంతా తడబడ్డాను.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చినది లెక్క సరిచూసుకునే వీలు. `abc2midi` అనే ఉచిత ప్రోగ్రాముకు ఫైలు ఇస్తే, ఏ బార్‌లో మాత్రలు తగ్గాయో, ఎక్కువయ్యాయో హెచ్చరిస్తుంది. ఫొటోలో స్వరం పక్కనుండే చుక్క కనిపించకపోవడం, క్వేవర్‌ను క్రోచెట్‌గా చదవడం వంటి పొరపాట్లు చాలావరకు ఇక్కడే పట్టుబడతాయి. అయితే ఈ లెక్కను ఎంతవరకు నమ్మాలో నాకు తెలిసివచ్చింది ఒక విద్యార్థిని పంపిన పేజీతోనే. అది అన్నా మాగ్దలీనా బాఖ్ పుస్తకంలోని జీ మేజర్ మినియెట్. ఇప్పుడు దాన్ని పెట్‌జోల్డ్ రచనగా భావిస్తున్నారు. పేజీ కుట్టు దగ్గర వంగడం వల్ల ఏడో బార్ మొత్తం నీడలో మునిగిపోయింది. గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, స్వరం గీతపై ఉందో, గీతల మధ్య ఉందో తేలలేదు.

ఐదో బార్ సీతో మొదలై `c2 dcBA` అని నడుస్తుంది. ఆరో బార్ అదే నడకను ఒక మెట్టు దించి `B2 cBAG` అంటుంది. కాబట్టి ఏడోది మరో మెట్టు దిగి `A2 BAGF` అయి ఉంటుందనుకుని అలాగే రాసేశాను. ఆరు మాత్రలూ సరిపోయాయి, ప్రోగ్రాము ఏ హెచ్చరికా చేయలేదు, ఆ అమ్మాయి వారం రోజులు అదే సాధన చేసింది. తరువాతి పాఠానికి పుస్తకం తెచ్చినప్పుడు చూస్తే అక్కడున్నది `F2 GABG`. తమాషా ఏమిటంటే, నేను ఊహించిన ఆ వరుస పదిహేనో బార్‌లో నిజంగానే ఉంది. లెక్క సరిపోయినంత మాత్రాన స్వరం సరైనదని కాదన్న సంగతి ఆ రోజు ఆ పిల్ల ముందు ఒప్పుకోవలసి వచ్చింది.

అప్పటినుంచి చదవలేని బార్‌ను ఇలా వదిలేస్తున్నాను:

```
X:1
M:3/4
L:1/8
K:G
d2 GABc | d2 G2 G2 | e2 cdef | g2 G2 G2 |
c2 dcBA | B2 cBAG | "^?7"x6 |
```

`x` అంటే కనిపించని విరామం. `x6` బార్ మొత్తాన్ని ఆక్రమిస్తుంది కనుక లెక్క చెడదు, తరువాతి బార్ల వరుస సంఖ్యలూ మారవు. పైన కనిపించే `?7` ఏడో బార్‌కు మళ్లీ ఫొటో కావాలని గుర్తుచేస్తుంది. బార్‌లో సగం మాత్రమే కనిపిస్తే కనిపించినంత రాసి, మిగతా మాత్రలకే `x` పెడతాను. నడకను బట్టి ఊహించి రాసినదానికి `"^*"` అనే వేరే గుర్తు ఉంది. ఈ రెంటినీ ఎన్నడూ కలపను, ఎందుకంటే ఊహ అన్న గుర్తు లేకపోతే చదివేవారికి అది పుస్తకంలో ఉన్నట్టే కనిపిస్తుంది. బార్లను లెక్కపెట్టేటప్పుడు మొదట్లో వచ్చే అసంపూర్ణ బార్‌ను వదిలి, మొదటి పూర్తి బార్ నుంచి ఒకటి అని మొదలుపెడతాను.

పిల్లలకు పంపే ప్రతిలో మాత్రం ఎఫ్ వచ్చిన ప్రతిచోటా ఎఫ్ షార్ప్ అని విడమరచి రాస్తాను. `K:G` అని పైన రాస్తే ఏబీసీలో ప్రతి `F` షార్ప్‌గానే పలుకుతుంది కాని, కాగితం చూసి వాయించే పిల్లవాడు వరుస మధ్యలో ఆ సంగతి మరిచిపోతాడు.

లోపాల విషయానికి వస్తే, కుడి ఎడమ చేతులు రెండూ రాయాలంటే `V:1`, `V:2` అని విడివిడిగా రాయాలి; ఒకే చేతిలో రెండు స్వరధారలు నడిచే పేజీలు వచ్చాయంటే అక్షరాల గుంపులో సంగీతం కనిపించదు. అలాంటి పేజీలకు నేను ఏబీసీని వాడడం మానేశాను. ఒక్కో వరుసకు ఒక్కో ఫొటో, ఫోను పేజీకి సమాంతరంగా, కుట్టు దగ్గర పేజీని వేలితో అదిమి పట్టి తీయమని పిల్లలకు చెప్పాక, ప్రశ్నార్థకాలతో తిరిగి వెళ్లే బార్లు మునుపటికంటే బాగా తగ్గాయి.